పొయ్యి ముందు ఆరేళ్లు

వరంగల్ జిల్లాలో మిర్చి ఏరే రోజులు. తెల్లవారుజామున ఐదు గంటలకు కూలీల వాడలోకి అడుగుపెడితే ముందు మనుషులు కనిపించరు, పొగ కనిపిస్తుంది. ఇంటికో పొయ్యి, కొన్ని ఇళ్లకు రెండు. లోపల అన్నం పొయ్యి, బయట స్నానాల నీళ్ల కాగు. చలికి ఆ పొగ పైకి లేవదు. రేకుల కప్పుల మీద, చూరుల కింద, మనిషి ఎత్తున పరుచుకుని ఉంటుంది. ఏడు గంటలకల్లా సద్ది కట్టుకుని ఆటో ఎక్కాలి కాబట్టి ఆడవాళ్లంతా ఆ రెండు గంటలూ పొయ్యి ముందే ఉంటారు. అన్నం ఉడికేలోపు ఎన్ని దగ్గులు వినిపిస్తాయో లెక్కపెట్టడం మా వల్ల కాలేదు.

మేము ఆ వాడకు వెళ్లింది కూలి రేట్ల సంగతి రాసుకుందామని. ఆ రాత్రే అంగన్‌వాడీ ముందు ఆశా కార్యకర్త మీటింగు ఉందని తెలిసి ఆగిపోయాము. ఎనిమిది దాటాక ముప్పై మంది దాకా ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. మగవాళ్లు ఎప్పటిలాగే గోడ పక్కన నిలబడ్డారు. ఆశా కార్యకర్తది ఆ వాడే. ఈ పనిలో చేరకముందు ఆమె కూడా ఇదే చేలల్లో మిర్చి ఏరిన మనిషి. అందరికీ వరస కలిసిన మనిషే కాబట్టి ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. సంచిలోంచి ఒక ఫారం తీసి, దానిలోని ప్రశ్న ఒకటి చదివింది.

"ఇంట్ల వంట దేనితోటి చేస్తరు? కట్టెలా, చేను కొయ్యలా, పిడకలా, బొగ్గా, కిరసనాయిలా, గ్యాసా?"

ముప్పై ఏళ్లు దాటిన ప్రతివారికీ ఆశాలు నింపవలసిన ఫారం అది. బీపీ, షుగరు, క్యాన్సర్ల గురించి అడిగే ప్రశ్నలతోపాటే ఈ పొయ్యి ప్రశ్న కూడా అందులో ఉంటుంది. దాని కింద ఇంకొకటి ఉంటుంది: పంట వ్యర్థాలు తగలబెట్టే చోట, ఇటుక బట్టీల్లాంటి పొగా దుమ్మూ ఉన్న చోట పనిచేస్తారా అని. ఇన్నాళ్లూ ఈ రెండింటికీ టిక్కు పెట్టుకుని వెళ్లిపోయేదాన్నని ఆమె దాచకుండా చెప్పింది. "ఈ ప్రశ్న ఎందుకు పెట్టిండ్రో నాకే సరిగ్గ తెల్వకపాయె. మా వదిన దవాఖాన చుట్టూ తిరిగినంక సమజైంది" అంది.

గంటలను ఏళ్లతో గుణిస్తే

వదిన అక్కడే, ముందు వరసలో కూర్చుని ఉంది. వయసు 48. పేరు ఇక్కడ రాయడం లేదు. చుట్ట, బీడీ ముట్టిన మనిషి కాదు. ఐదారేళ్లుగా పొద్దున లేవగానే దగ్గు, తెల్లటి కళ్లె. మూడేళ్లుగా దమ్ము. మొదట్లో నీళ్ల బిందె ఎత్తినప్పుడే వచ్చేది. నిరుడు మిర్చి చేలో సాలు పట్టి ఏరుతుంటే తోటివాళ్లకంటే వెనకబడడం మొదలైంది. ఈ ఏడు ముఠామేస్త్రి ఆమెను సగం కూలికి రమ్మన్నాడట. "వయసు మీద పడ్డది గదా" అని ఇంట్లో వాళ్లూ అన్నారు. ఆమె కూడా అదే అనుకుంది.

ఆశా కార్యకర్త అంగన్‌వాడీ బోర్డు మీద సుద్దముక్కతో లెక్క వేసింది.

"వదినా, పొయ్యి ముందు ఎప్పటిసంది కూసుంటున్నవ్?"

"పన్నెండేండ్లప్పటి సంది. మా అవ్వ నాట్లకు పోతే నేనే వండేదాన్ని."

"పొద్దుగాల ఎంతసేపు?"

"రెండు గంటలు. మాపటికి ఇంకో గంటన్నర. నీళ్లు కాగబెట్టుడు ఇంకో అరగంట."

రోజుకు నాలుగు గంటలు. పన్నెండు నుంచి నలభై ఎనిమిది దాకా 36 ఏళ్లు. నాలుగు గంటలంటే రోజులో ఆరో వంతు. 36 ఏళ్లలో ఆరో వంతు ఆరేళ్లు. అంటే 2,190 రోజులు, రాత్రీ పగలూ, నిద్ర కూడా లేకుండా పొగలో కూర్చున్నట్టు. బోర్డు మీద ఆ అంకె పడ్డాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. గోడ పక్కన ఉన్నాయన ఒకడు చేతిలో బీడీ ఆర్పేశాడు. తర్వాత ప్రతి ఒక్కరూ ఎవరి లెక్క వారు వేసుకోవడం మొదలుపెట్టారు. ఒక ముసలమ్మకు తొమ్మిదేళ్లు దాటింది.

ఈ లెక్క ఆమె సొంతంగా కనిపెట్టింది కాదు. రోజుకు ఎన్ని గంటలు, ఎన్నేళ్లు అని అడిగి రెండింటినీ గుణించి పొగ మోతాదును అంచనా వేయడం డాక్టర్లు పరిశోధనల్లో పాటించే పద్ధతే. బీడీల సంఖ్యను ఏళ్లతో గుణించినట్టే ఇదీ. తేడా ఒక్కటే. బీడీ తాగేవాడిని దవాఖానలో అడుగుతారు, పొయ్యి ఊదే ఆమెను అడగరు.

లోపలికి పోయిన పొగ

కట్టె పూర్తిగా మండితే పొగ ఉండదు. పచ్చి కట్టె, తడి పిడక, గాలి అందని పొయ్యి ఉన్నచోట సగం కాలి, మిగతాది పొగగా లేస్తుంది. అందులో రెండు రకాల హాని ఉంది. ఒకటి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు. వాసన లేదు, రంగు లేదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన చోట అది కూర్చుంటుంది. మూసిన గదిలో వంట చేసి లేచినప్పుడు తలనొప్పి, కళ్లు తిరగడం వచ్చేది చాలావరకు దానివల్లే. బయటి గాలికి వస్తే కొన్ని గంటల్లో దిగిపోతుంది.

రెండోది సన్నటి నుసి. ఇది దిగిపోయేది కాదు. మన తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండని రేణువులు ముక్కులో ఆగవు, గొంతులో ఆగవు, ఊపిరితిత్తుల చివరి గాలి బుడగల దాకా పోతాయి. గాలి గొట్టాల లోపల చీపురు పుల్లల్లా ఊగుతూ చెత్తను పైకి నెట్టే సన్నటి నూగు ఉంటుంది. ఏళ్ల తరబడి పొగ తగిలితే ఆ నూగు పనిచేయడం మానేస్తుంది. కళ్లె ఎక్కువగా ఊరుతుంది, గొట్టాల గోడలు వాచి మందమవుతాయి. గాలి లోపలికి పోతుంది గానీ బయటికి పూర్తిగా రాదు. దమ్ము అంటే చాలామంది గాలి అందకపోవడం అనుకుంటారు. ఈ జబ్బులో అసలు ఇబ్బంది గాలి వదలలేకపోవడం. పాత గాలి లోపల చిక్కుకుని ఉంటే కొత్త గాలికి చోటు ఉండదు.

ఒకామె కొంగు చూపించి, "మూతికి ఇది కట్టుకుంటే ఆగదా?" అని అడిగింది. ఆగదని ఆశా కార్యకర్త చెప్పింది. మిరపకాయ ఘాటు, దుమ్ము కొంత ఆగుతాయి. పొగ నుసి బట్ట దారాల సందుల్లోంచి దూరిపోతుంది.

పోయిన ఊపిరి తిరిగి రాదన్న మాటను ఆమె మెత్తగానే చెప్పినా దాచలేదు. ముప్పై ఏళ్లు దాటాక ఊపిరితిత్తుల బలం ఎవరికైనా ఏటా కొంచెం తగ్గుతుంది. పొగలో ఉన్నవారికి వేగంగా తగ్గుతుంది. పొగ మానితే తగ్గే వేగం నెమ్మదిస్తుంది. అందుకే నలభై ఎనిమిదేళ్ల వదినకంటే ఆమె పక్కన కూర్చున్న పద్దెనిమిదేళ్ల కోడలికి ఈ లెక్క ఎక్కువ అవసరం.

టీబీ కాదు, వయసూ కాదు

వదిన తిరిగిన దారి వింటే మన పల్లెల్లో ఈ జబ్బు ఎందుకు దొరకదో తెలుస్తుంది. మొదట ఊళ్లో సూది వేసే ఆయన దగ్గరకు పోయింది. సూది వేసిన నాలుగు రోజులు హాయిగా ఉండేది. ఐదో రోజు మళ్లీ మామూలే. రెండేళ్లు అట్లాగే సాగింది. దమ్ముకు ఇలా వేసే సూదుల్లో, ఇచ్చే గోళీల్లో చాలావరకు స్టెరాయిడ్ ఉంటుంది. జబ్బు హఠాత్తుగా ముదిరినప్పుడు డాక్టరు చూసి కొద్దిరోజులు ఇస్తే అది మందే. నెలనెలా వేయించుకుంటే ఎముకలు గుల్లబారతాయి, షుగరు వస్తుంది, ముఖం ఉబ్బుతుంది.

తర్వాత టీబీ అనుమానం. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే కళ్లె పరీక్ష చేయించడం తప్పనిసరి, అది సర్కారు దవాఖానలో ఉచితం. పొగ దగ్గే కదా అని ఆ పరీక్ష మానుకోకూడదని ఆశా కార్యకర్త రెండుసార్లు చెప్పింది. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం ఉంటే ముందు టీబీనే చూడాలి. వదినకు ఇవేమీ లేవు, పరీక్షలోనూ ఏమీ లేదని వచ్చింది. "టీబీ లేదు, ఏం భయం లేదు" అని పంపించేశారు. టీబీ లేదన్నారే గానీ మరి ఏముందో ఎవరూ చెప్పలేదు.

ఉబ్బసం వేరు. అది తరచు చిన్నతనంలోనే మొదలవుతుంది, వస్తూ పోతూ ఉంటుంది, మధ్యలో మనిషి మామూలుగా ఉంటాడు. పొగ దమ్ము నలభై దగ్గరలో నెమ్మదిగా మొదలై ఏటికేడు పెరుగుతుంది, మధ్యలో పూర్తిగా పోదు. దీన్ని పట్టుకునే పరీక్షకు స్పైరోమెట్రీ అని పేరు. గుండె నిండా గాలి పీల్చి ఒక గొట్టంలోకి బలంగా, ఇక రాదనేదాకా ఊదాలి. గొట్టాలు వెడల్పు చేసే మందు పీల్పించి మళ్లీ ఊదిస్తారు. మొత్తం వదిలిన గాలిలో మొదటి ఒక్క సెకనులోనే నూటికి 70 వంతులైనా బయటికి రావాలి. మందు పీల్చాక కూడా అంతకంటే తక్కువ వస్తే గొట్టాలు ఇరుకైపోయాయని అర్థం. వదినకు జిల్లా దవాఖానలో ఈ పరీక్ష చేసినప్పుడు 58 వచ్చింది. ఛాతీ ఫోటో మాత్రం బాగానే ఉంది. ఈ జబ్బు మొదట్లో ఫోటోలో పడదు. ఫోటో బాగుందంటే ఊపిరి బాగున్నట్టు కాదు.

ఊదే మిషను అన్ని ఊళ్లలో ఉండదు. అది లేనిచోట మనిషి నడకను చూడమంది ఆశా కార్యకర్త. డాక్టర్లు కూడా దమ్మును నడకతోనే మెట్లుగా కొలుస్తారు. గబగబా నడిస్తేనో, గట్టు ఎక్కితేనో ఆయాసం రావడం ఒక మెట్టు. తోటి వయసు వాళ్లతో సమంగా నడవలేక వెనకబడడం రెండో మెట్టు. వంద మీటర్లు నడిచి ఆగిపోవడం మూడోది. చీర కట్టుకుంటేనే ఆయాసపడడం చివరిది. "మనకు చేనే మిషను. ఒక్క ఈడు వాళ్లు ఒక్క తీరుగ సాలు పడ్తరు. ఏండ్ల సంది ముందుండే మనిషి ఎనుకవడుతాందంటే బద్ధకమని తిట్టకుండ్రి, నాకు చెప్పుండ్రి" అంది. ముఠామేస్త్రి కూడా గోడ దగ్గరే ఉన్నాడు. తల దించుకుని విన్నాడు.

వదినకు ఇప్పుడు పీల్చే మందు ఇచ్చారు. ఊళ్లో దాన్ని పంపు అంటారు. అది అలవాటైపోతుందని, చివరి దశలో వాడేదని ఒక అపోహ ఉంది. నిజానికి గోళీకంటే చాలా తక్కువ మందు నేరుగా గొట్టాల్లోకే పోతుంది. తప్పు జరిగేది వాడే పద్ధతిలో. నొక్కడం, పీల్చడం ఒకేసారి జరగకపోతే మందంతా నాలుక మీదే పడుతుంది. ముందు గాలి పూర్తిగా వదిలి, నొక్కుతూ నెమ్మదిగా లోపలికి పీల్చి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. వదిన అందరి ముందూ చేసి చూపించింది. మొదటిసారి తప్పింది, రెండోసారి కుదిరింది.

పసిబిడ్డ ఊపిరి లెక్క

పొయ్యి ముందు కూర్చునేది తల్లి ఒక్కతే కాదు. చంటిబిడ్డ ఒళ్లోనో, వెచ్చగా ఉంటుందని పొయ్యి పక్క ఉయ్యాలలోనో ఉంటుంది. పొగ ఉన్న ఇళ్లలో చిన్నపిల్లలకు నిమ్మొచ్చే ప్రమాదం ఎక్కువ. దాన్ని గుర్తించడానికి యంత్రం అక్కర్లేదు, సెకన్ల ముల్లున్న గడియారమో ఫోనో ఉంటే చాలు. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు బిడ్డకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, ఐదేళ్లలోపు పిల్లలకు 40. ఆ అంకెను తాకినా దాటినా అదే రోజు దవాఖానకు పోవాలి. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నా, పాలు తాగలేకపోతున్నా లెక్కతో పనిలేదు, వెంటనే బయలుదేరాలి. అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చేయవద్దని ఆమె హెచ్చరించింది. పసిపిల్లల ఊపిరి ఒక్కతీరుగా ఉండదు, లెక్క తప్పుతుంది.

ఈ జిల్లాల్లోనే కొలిచిన గాలి

ఇదంతా ఎక్కడో దూరదేశపు లెక్క కాదు. నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో 400కు పైగా ఇళ్లలో పరిశోధకులు గాలిని కొలిచి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఊపిరితిత్తుల లోతుకు పోగల నుసి ఒక రోజు మొత్తం మీద సగటున ఎంత ఉందో చూశారు. గ్యాసు వాడే ఇళ్లలో ఘనపు మీటరు గాలికి 73 మైక్రోగ్రాములు ఉంది. కట్టెలూ పిడకలూ వాడే ఇళ్లలో 732 దాకా పోయింది. పదింతలు.

ఆ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే మన దేశం 2009లో సన్నటి నుసికి పెట్టుకున్న ఒక రోజు హద్దు 60 అని గుర్తుంచుకుంటే చాలు. అప్పటి పరిశోధనలో కొంచెం పెద్ద రేణువులు కూడా కలిసి ఉన్నాయి కాబట్టి అంకెకు అంకె పెట్టి చూడకూడదు. అయినా ఎంత దూరంలో ఉన్నామో అర్థమవుతుంది. ఢిల్లీ గాలి గురించి ప్రతి చలికాలం పత్రికలు రాస్తాయి. మన పొయ్యింటి గాలి గురించి రాసేవారు తక్కువ.

ఆ పరిశోధనలోనే మరో సంగతి బయటపడింది. పొగ అందరికీ సమంగా పంచబడదు. ఆడవాళ్లలో 15 నుంచి 40 ఏళ్ల వాళ్లు, అంటే వంట చేసే కోడళ్లూ కూతుళ్లూ ఎక్కువ పీలుస్తున్నారు. మగవాళ్లలో ఎక్కువ పీల్చేది 65 దాటిన ముసలివాళ్లు, ఎందుకంటే వాళ్లు ఇంటిపట్టునే ఉంటారు. పొయ్యి ఏ గదిలో ఉంది, ఎన్ని కట్టెలు కాల్చారు అన్నదాన్ని బట్టి కూడా అంకె మారింది. ఈ మాట మేము చెప్పినప్పుడు మూలన మంచం మీద ఉన్న తాత ఒకాయన "నేను కట్టె ముట్టకపోతి, నాకెందుకు దగ్గని అడిగితే ఎవలూ చెప్పలే" అన్నాడు.

పొగగొట్టం ఎందుకు మూగబోయింది

పొగలేని పొయ్యి అనే ఆలోచన పాతదే, అదీ మన దగ్గర పుట్టిందే. 1950ల మొదట్లోనే హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలలో డాక్టర్ ఎస్.పి. రాజు పొగగొట్టం ఉన్న మట్టిపొయ్యిని రూపొందించారు. 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల పథకాన్ని దేశమంతటా మొదలుపెట్టి 2002 దాకా నడిపింది. ఆ వాడలో ఇద్దరు ముసలమ్మలకు ఆ పొయ్యిలు బాగా గుర్తున్నాయి. ఒక సీజను బాగా పనిచేసిందట. తర్వాత గొట్టంలో మసి పేరుకుంది. దాన్ని దులపాలని కట్టిపోయినవాళ్లు చెప్పలేదు. పొగ వెనక్కి తన్ని పొయ్యి నోట్లోంచే రావడం మొదలైంది. పెద్ద గిన్నె ఆ రంధ్రం మీద కూర్చోలేదు. మట్టి పగిలితే మెత్తేవాళ్లు లేరు. రెండేళ్లకు పగలగొట్టి మూడు రాళ్లు పెట్టుకున్నారు.

గొట్టం వద్దని కాదు. గొట్టం పెడితే నెలకోసారి మసి దులపాలి, అది చూరుకంటే పైకి ఉండాలి. పొయ్యి నోట్లోంచి పొగ వస్తున్నా, గొట్టం చుట్టూ గోడ నల్లబడుతున్నా ఎక్కడో మూసుకుందని అర్థం. గొట్టం పొగను ఇంట్లోంచి వాడలోకి పంపుతుందే గానీ మాయం చేయదు. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న వాడలో ఆ పొగ పక్కింటి కిటికీలోకే పోతుంది.

బండ ఉంది, పొయ్యీ ఉంది

ఆ వాడలో గ్యాసు కనెక్షను లేని ఇల్లు దాదాపు లేదు. 1999లో దీపం పథకం కింద కొందరికి, 2016 మేలో మొదలైన ఉజ్వల కింద మరికొందరికి వచ్చాయి. అయినా పొద్దున పొగ ఎందుకుంది? ఆశా కార్యకర్త ఇదే అడిగింది, చేతులు ఎత్తమంది. నిరుడు ఎన్ని బండలు తెచ్చుకున్నారు అంటే ఎక్కువమంది మూడు, నాలుగు అన్నారు. 14.2 కిలోల బండ ఐదుగురున్న ఇంట్లో వంటంతా దానిమీదే చేస్తే రెండు నెలలు కూడా రావడం కష్టం. అంటే ఏడాదికి ఏడెనిమిది కావాలి. సగం వంట కట్టెలమీదే జరుగుతోందన్నమాట. టీ, కూర గ్యాసు మీద, అన్నం, పప్పు, స్నానాల నీళ్లు కట్టెల మీద.

కారణం వాళ్లకు తెలియక కాదు. పత్తి కట్టె చేలో పుణ్యానికి దొరుకుతుంది, బండకు ఒకేసారి డబ్బు కట్టాలి. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో మహాలక్ష్మి కింద 500 రూపాయలకు బండ అన్నారు. అయితే ఇంటికి తెచ్చినవాడికి ముందు పూర్తి ధర కట్టాలి, మిగతాది తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. కూలి డబ్బు వారానికోసారి వచ్చే ఇంట్లో ఆ ముందు కట్టే డబ్బే అడ్డం. అంతకంటే పెద్ద చిక్కు, ఎన్ని బండలకు ఈ రాయితీ అన్నదాన్ని అంతకుముందు మూడేళ్లు సగటున వాడిన లెక్కతో ముడిపెట్టారు. డబ్బు లేక కట్టెలు కాల్చినామెకు సగటు మూడే వస్తుంది. ఎవరి ఊపిరికి బండ ఎక్కువ అవసరమో వారికే తక్కువ దక్కే లెక్క ఇది.

గోడ పక్క నుంచి ఒక యువకుడు "అన్నీ గ్యాసు మీదే చేస్తే జబ్బులన్నీ పోతాయా?" అన్నాడు. అట్లా చెప్పలేము. తమిళనాడుతో సహా నాలుగు దేశాల్లో మూడు వేలకు పైగా గర్భిణులతో ఒక పెద్ద పరిశోధన జరిగింది. సగం మందికి గ్యాసు ఉచితంగా ఇచ్చారు. వాళ్లు పీల్చే పొగ బాగా తగ్గింది. కానీ పుట్టిన బిడ్డల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2022లో ప్రచురించారు. కొన్ని నెలల గ్యాసు ఏళ్ల పొగనూ, పేదరికాన్నీ ఒక్కసారిగా చెరపలేదు. పొగ తగ్గించడం ఊపిరికి మేలే, కానీ అది ఒక్కటే చాలదు.

ముందు ఏది మార్చాలి

ఉన్న మూడు నాలుగు బండలనే ఎట్లా వాడాలో ఆశా కార్యకర్త చెప్పిన తీరు మాకు నచ్చింది. గ్యాసును టీకి దాచుకోవద్దు, టీ ఐదు నిమిషాల పని. వానాకాలంలో కట్టె తడిసి, పొయ్యి లోపలికి తెచ్చి, తలుపు మూసి వండే రోజులకు దాచుకోవాలి. ఇంట్లో చంటిబిడ్డో, నిండు చూలాలో, దమ్ము మనిషో ఉంటే వాళ్లున్న గదిలో వంట గ్యాసు మీదే చేయాలి. నీళ్ల కాగు ఎప్పుడూ బయటే, గాలి వాలున ఇంటికి అవతల ఉండాలి. కట్టెను సన్నగా చీల్చి, ఒక సీజను ముందే ఎండబెట్టి, తడవకుండా చూరు కింద పేర్చాలి. పప్పు గంట ముందు నానబెట్టి గిన్నె మీద మూత వేస్తే పొయ్యి ముందు కూర్చునే సమయం తగ్గుతుంది. కట్టె అంటుకోవడానికి ప్లాస్టిక్ కవర్లు వేయకూడదు, ఆ పొగలో కట్టె పొగలో లేని విషాలు కూడా ఉంటాయి. బయట పొయ్యి పెట్టుకున్నంత మాత్రాన వండే మనిషికి పొగ తప్పదు, ముఖం మీదికి వస్తూనే ఉంటుంది. ఇంట్లో పడుకున్న పిల్లలకూ ముసలివాళ్లకూ మాత్రం చాలా తగ్గుతుంది.

ఇవన్నీ ఇంటి పనులు. ఇంటివాళ్లు చేయలేనివి మూడు మిగిలాయి. వాటిని కాగితం మీద రాసి ఆ రాత్రే సంతకాలూ వేలిముద్రలూ పెట్టారు. ముప్పై దాటి దగ్గు, దమ్ము ఉన్నవాళ్లకు ఊదే పరీక్షను నెలలో ఒక రోజైనా మండలంలోనే చేయాలి. పీల్చే మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెల పొడవునా ఉండాలి. రాయితీ బండలకు పాత వాడకంతో పెట్టిన ముడి తీసేయాలి, రాయితీ పోగా మిగిలిన ధర మాత్రమే తీసుకోవాలి. కాగితం తీసుకుని ఎవరు పోవాలన్న దగ్గర కాసేపు తర్జనభర్జన జరిగింది. చివరికి వదిన తానే పోతానంది. మండలానికి ఆటో దిగి ఆఫీసు దాకా నడవడానికి రెండుసార్లు ఆగాలి, అయినా పోతానంది.

పొద్దున్నే మేము బయలుదేరుతుంటే వాడలో మళ్లీ పొగ పరుచుకుని ఉంది. వదిన ఇంట్లో పొయ్యిరాళ్లు మాత్రం వాకిట్లోకి వచ్చాయి. కోడలు అక్కడ అన్నం వండుతోంది. ఆమె ఏడాది బిడ్డ ఎప్పటిలా ఒళ్లో లేడు. ఇంటికి అవతల వేపచెట్టు కింద తాత దగ్గర ఉన్నాడు.